కాగితాల కట్టను ఫీడర్‌లో పెట్టి ఒకే పీడీఎఫ్ చేయడం ఎలా: సైజు దాటకుండా, ముద్రలు చెరిగిపోకుండా

చిత్తూరులో మా జిరాక్స్ షాపుకు రోజుకు ఒకరైనా ఇదే మాట మీద వస్తారు. "అన్నా, ఫైలు ఎక్కడం లేదు, సైజు ఎక్కువంటా ఉంది, ఏం చేసేది?" అని. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే నలభై యాభై పేజీల దస్తావేజుల పీడీఎఫ్ ఉంటుంది, అంతా కలర్‌లో, 300 డీపీఐలో అంటే అంగుళానికి 300 చుక్కలతో, నలభై ఎంబీ పైన. కొందరు దాన్ని ఇంటర్నెట్‌లో ఏదో సైటుకు ఎక్కించి కుదించుకుని వస్తారు, అప్పుడు సైజు సరిపోతుంది గానీ సర్వే నంబరు చదవలేము. రెండింటికీ కారణం ఒకటే. స్కాన్ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క వేసుకోలేదు. ఆ లెక్క ఎలా వేయాలో, ఫీడర్‌లో కట్ట ఎలా పెట్టాలో, చివర్లో ఏం చూసుకోవాలో ఒక చోట రాసిపెడుతున్నాను. ఇల్లు, పొలం దస్తావేజులనే ఉదాహరణగా తీసుకున్నాను, ఎందుకంటే స్టాంపు పేపరు, వేలిముద్ర, ఊదారంగు సీలు, పాత కాగితం, కొత్త ప్రింటు, కష్టమైనవన్నీ ఆ ఒక్క కట్టలోనే ఉంటాయి.

మొన్న పలమనేరు నుంచి ఒక అక్క తెచ్చిన కట్టనే లెక్కకు తీసుకుందాం. కొడుకు ఇంటి లోను కోసం బ్యాంకు వాళ్లు లింకు డాక్యుమెంట్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా అడిగారు, 10 ఎంబీ దాటకూడదన్నారు, కలరే కావాలని మాత్రం అనలేదు. కట్టలో మొత్తం 31 షీట్లు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫీడర్ ఉన్న స్కానర్ లేదా ఆల్ ఇన్ వన్ ప్రింటర్. ఫీడర్ అంటే పైన ట్రేలో కట్ట పెడితే ఒక్కొక్క కాగితాన్ని తనే లాక్కునేది. రెండు వైపులా తీసేదైతే మంచిది, ఒక వైపే తీసేదైనా పని జరుగుతుంది, దానికి దారి కింద చెప్పాను.
- కంప్యూటర్‌లో NAPS2. ఇది ఉచిత స్కానింగ్ ప్రోగ్రాం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. మీ స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేరే అలవాటుంటే అదే వాడండి, సెట్టింగుల పేర్లు కొంచెం మారతాయి గానీ పని ఒకటే.
- పిన్నులు పీకే క్లిప్పు, పోగులు రాలని మెత్తటి గుడ్డ.
- ఫైలు అడిగినవాళ్లు పెట్టిన లిమిట్ ఎంతో, కచ్చితంగా. మెయిల్‌లో పంపేదైతే జీమెయిల్‌కు 25 ఎంబీ. వెబ్‌సైటులో ఎక్కించేదైతే ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

1. పేజీకి ఎంత వస్తుందో భాగించండి

షీట్లు లెక్కపెడితే చాలదు, వైపులు లెక్కపెట్టాలి. రిజిస్టర్ అయిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ సీలు, సంతకం, ఎండార్స్‌మెంట్ వెనక వైపు ఉంటాయి. అవి వదిలేసి ముందు వైపులే స్కాన్ చేసి పంపి, బ్యాంకు తిప్పి పంపితే మళ్లీ వచ్చినవాళ్లు చాలామంది.

అక్క కట్టలో పాత లింకు దస్తావేజు 5 షీట్లు, రెండు వైపులా అంటే 10. ఇప్పటి సేల్ డీడ్ 12 షీట్లు, రెండు వైపులా 24. ఈసీ, ఇంటి పన్ను రసీదులు, ప్లాను ఆర్డరు కలిపి 14, ఇవి ఒక వైపే. మొత్తం 48 పేజీలు.

లిమిట్ 10 ఎంబీ అయితే 9 అనుకోండి, అంచు దాకా పోకండి. 9 ఎంబీ అంటే సుమారు 9,200 కేబీ. దాన్ని 48తో భాగిస్తే పేజీకి 190 కేబీ. ఈ ఒక్క నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. కొన్ని పేజీలు దీనికన్నా బాగా తక్కువలో అయిపోతాయి, మిగిలింది కష్టమైన పేజీలకు ఇవ్వొచ్చు. ఇక మిగతా పనంతా ఈ పంపకమే.

2. కట్ట విప్పి మూడు కుప్పలు చేయండి

పిన్నులు, ట్యాగు దారాలు, జెమ్ క్లిప్పులు అన్నీ తీసేయండి. ఒక్క స్టేపుల్ పిన్ను లోపలికి పోయినా రోలరూ పాడవుతుంది, అద్దం మీదా గీత పడుతుంది. మడిచిన మూలలు సాపు చేయండి. వైట్‌నర్ పూసినవి, గమ్ము అంటించినవి, అప్పుడే ముద్ర వేసినవి పూర్తిగా ఆరాకే పెట్టండి.

తర్వాత ఇలా విడదీయండి:

- *మామూలు ప్రింటు కాగితాలు*: తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు మాత్రమే ఉన్నవి. ఈసీ, రసీదులు, ఆర్డర్లు.
- *సంతకాలు, వేలిముద్రలు, సీళ్లు ఉన్నవి, కానీ కాగితం గట్టిగా ఉన్నవి*: ఇప్పటి సేల్ డీడ్.
- *పాతవి*: మడతల దగ్గర చిరుగు పట్టినవి, పలచబడినవి, టేపు అంటించినవి.

మూడో కుప్పను ఫీడర్‌లో పెట్టకండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఫీడర్ కాగితాన్ని రోలర్లతో లాగి, వంపు తిప్పి బయటికి తోస్తుంది. పాత స్టాంపు పేపరు మడత దగ్గర చిరిగితే దాన్ని మళ్లీ తేలేము, అసలు దస్తావేజు ఒక్కటే ఉంటుంది. వీటిని మూత ఎత్తి అద్దం మీదే ఒక్కొక్కటి పెట్టి తీయండి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. స్టాంపు పేపరు ఏ4 కన్నా పొడవు. ఇంట్లో ఉండే చిన్న స్కానర్ల అద్దం ఏ4 అంతే ఉంటుంది, కింది నాలుగు వరుసలు బయటికి వచ్చేస్తాయి. అలాంటప్పుడు ఏ3 అద్దం ఉన్న పెద్ద కాపియర్ దగ్గర తీయించండి. అదీ కుదరకపోతే పెద్ద మిషన్‌లో కలర్ జిరాక్స్ తీయించి ఆ కాపీని ఫీడర్‌లో పెట్టండి. సగం సగం తీసి రెండు పేజీలుగా పెట్టడం వద్దు, చూసేవాళ్లకు ఏ సంతకం ఏ పేజీదో తెలియదు.

3. అద్దం పట్టీ తుడవండి

చాలామంది మూత ఎత్తి పెద్ద అద్దం తుడిచి ఊరుకుంటారు. ఫీడర్ స్కాన్ చేసేది దాని మీద కాదు. పెద్ద అద్దం పక్కన వేలెడు వెడల్పున సన్నటి అద్దం పట్టీ ఒకటి ఉంటుంది, ఫీడర్ కాగితం దాని మీదుగా పోతుంది, కింద ఉన్న సెన్సర్ కదలకుండా ఒకే చోట నిలబడి చూస్తుంది. అందుకే ఆ పట్టీ మీద ఆవగింజంత వైట్‌నర్ మచ్చ అంటుకుంటే ప్రతి పేజీలోనూ పైనుంచి కింది దాకా నిలువు గీత పడుతుంది. అదే మచ్చ పెద్ద అద్దం మీద ఉంటే చుక్కగా మాత్రమే కనిపించేది. గుడ్డను కొంచెం తడిపి, బాగా పిండి, పట్టీని తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. మచ్చ గట్టిపడి ఉంటే గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసుకోండి, అద్దం మీద నేరుగా చల్లకండి. ఒకే పాస్‌లో రెండు వైపులా తీసే మిషన్ అయితే వెనక వైపు చూసే పట్టీ ఇంకొకటి ఫీడర్ లోపల ఉంటుంది, దాన్నీ తుడవాలి. ముందు పేజీలు శుభ్రంగా ఉండి వెనక పేజీల్లోనే గీత వస్తుంటే తప్పు ఆ రెండో పట్టీదే.

4. కలరా, గ్రేనా, బ్లాక్ అండ్ వైటా

సైజును అన్నిటికన్నా ఎక్కువ మార్చేది ఇదే. 300 డీపీఐలో ఒక ఏ4 పేజీ సుమారు 87 లక్షల చుక్కలు. కలర్‌లో ఒక్కో చుక్కకు మూడు బైట్లు, గ్రేలో ఒకటి, బ్లాక్ అండ్ వైట్‌లో ఎనిమిది చుక్కలకు కలిపి ఒకటి. అంటే కుదించక ముందు కలర్ పేజీ 26 ఎంబీ, గ్రే 8.7 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్ ఒక ఎంబీ చిల్లర. పీడీఎఫ్‌లో పెట్టేటప్పుడు ఇవన్నీ బాగా కుదిస్తారు. మామూలు ప్రింటు పేజీ అయితే మా మిషన్‌లో బ్లాక్ అండ్ వైట్ 50 కేబీ దగ్గర, 200 డీపీఐ గ్రే 150 నుంచి 200 కేబీ, 300 డీపీఐ కలర్ 900 కేబీ దాకా వస్తాయి. మీ మిషన్‌లో కొంచెం తేడా ఉండొచ్చు.

అలాగని అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో కొట్టేయకండి. ఆ మోడ్‌లో ప్రతి చుక్కా నలుపో తెలుపో ఏదో ఒకటి కావాల్సిందే, మధ్యలో ఏమీ ఉండదు. దానివల్ల మూడు నష్టాలు జరుగుతాయి. వెలిసిపోయిన ఊదారంగు సీలు తెలుపు వైపు పడి మాయమైపోతుంది. వేలిముద్రలో గీతలు కలిసిపోయి నల్లటి ముద్దగా మారుతుంది. రంగు స్టాంపు పేపరు మీద ఉండే సన్నటి అల్లిక డిజైను ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. పైగా ఆ చుక్కలన్నిటినీ దాచుకోవాలి కాబట్టి ఫైలు సైజు పెరుగుతుంది. తక్కువ అవుతుందని బ్లాక్ అండ్ వైట్ పెట్టినవాళ్లకు స్టాంపు పేపరు పేజీ గ్రే కన్నా పెద్దదిగా రావడం నేను చూశాను.

కాబట్టి:

- తెల్ల కాగితం, నల్ల ప్రింటు: బ్లాక్ అండ్ వైట్.
- సంతకం, వేలిముద్ర, సీలు, స్టాంపు పేపరు: గ్రే. చాలా పనులకు గ్రే చాలు.
- రంగే ఆధారమైన పేజీలు, అంటే పాత సీళ్లు, రంగులు వేసిన ప్లాను మ్యాపు, ఫొటో, లేదా "కలర్ స్కాన్ కావాలి" అని స్పష్టంగా అడిగినవి: కలర్.

5. రిజల్యూషన్

600 పెట్టకండి. 300 నుంచి 600కు పోతే చుక్కలు రెట్టింపు కావు, నాలుగింతలు అవుతాయి, ఎందుకంటే అడ్డంలోనూ నిలువులోనూ రెండూ పెరుగుతాయి. అదే లెక్కలో 300 నుంచి 200కు దిగితే సగం కన్నా తక్కువకు వస్తుంది.

బ్లాక్ అండ్ వైట్‌కు 300 ఉంచండి. మధ్య ఛాయలు లేవు కాబట్టి అక్షరం అంచు నిలవాలంటే చుక్కలు ఎక్కువ ఉండాలి, సైజు ఎలాగూ తక్కువే. గ్రేకు, కలర్‌కు 200 చాలు.

అంతకన్నా దిగొద్దు అనడానికి మన లిపి ఒక కారణం. ఇంగ్లీషు టైపు 150లో కూడా చదవొచ్చు. తెలుగులో ద, ధ మధ్య తేడా కింద చిన్న గీతే. ప, వ మధ్య తేడా పైన కొంచెం సందే. 150లో ఆ సందు పూడిపోతుంది, ఒత్తుల కింద ఒత్తు ఉంటే ముద్దైపోతుంది. పేర్లు, ఇంటిపేర్లు, ఊరి పేర్లు తప్పు చదివేది అక్కడే. చేతిరాత మరీ చిన్నగా ఉన్న అడంగల్ నకలు లాంటిది ఉంటే దానికి మాత్రం 300 గ్రే పెట్టండి.

6. ప్రొఫైళ్లు చేసిపెట్టుకోండి

NAPS2లో `Profiles` లోకి వెళ్లి మూడు చేసుకోండి. ఒక్కసారి చేస్తే ఎప్పటికీ ఉంటాయి.

- ఒకటోది: `Paper source` దగ్గర `Feeder`, `Bit depth` దగ్గర `Black & White`, 300 డీపీఐ, ఏ4.
- రెండోది: `Duplex`, `Grayscale`, 200 డీపీఐ, పేపర్ సైజు `Legal`.
- మూడోది: `Glass`, `24-bit Color`, 200 డీపీఐ, మీ అద్దం పట్టేంత సైజు.

పేపర్ సైజు దగ్గర జాగ్రత్త. ఏ4 అని ఉండగా స్టాంపు పేపరు పెడితే మిషన్ ఏ తప్పూ చూపించదు, నిశ్శబ్దంగా అడుగు భాగం కత్తిరించేస్తుంది. సంతకాలు ఉండేది అక్కడే.

`Advanced` లో ఇమేజ్ క్వాలిటీ సంఖ్య ఉంటుంది, 75 దగ్గర. గ్రేకు, కలర్‌కు 60 దాకా దించొచ్చు. 40కి దిగితే అక్షరాల చుట్టూ మసక నీడలు వస్తాయి. మాగ్జిమమ్ క్వాలిటీ అనే టిక్కు పడి ఉంటే తీసేయండి.

అక్కడే ఖాళీ పేజీలు తీసేసే `Exclude blank pages` ఆప్షను కూడా ఉంటుంది. దస్తావేజులకు అది పెట్టకండి. వెనక వైపు ఒక మూల చిన్న సీలు మాత్రమే ఉన్న పేజీని ఖాళీ అనుకుని వదిలేసే అవకాశం ఉంది, వదిలేసినట్టు మీకు చెప్పదు కూడా.

7. మూడు పేజీలతో పరీక్ష చేయండి

కట్టంతా పెట్టే ముందు ఒక్కో కుప్ప నుంచి ఒక్కో పేజీ తీసి స్కాన్ చేయండి, అదీ ఆ కుప్పలో రాత ఎక్కువగా ఉన్న పేజీ. ఒక్కోదాన్ని వేరే పీడీఎఫ్‌గా సేవ్ చేసి సైజు చూసి పేజీల సంఖ్యతో గుణించండి. అక్క కట్టకు ఇలా వచ్చింది:

- 14 పేజీలు బ్లాక్ అండ్ వైట్, పేజీకి 50 కేబీ: 700 కేబీ
- 24 పేజీలు గ్రే, పేజీకి 200 కేబీ: 4,800 కేబీ
- 10 పేజీలు కలర్, పేజీకి 330 కేబీ: 3,300 కేబీ

మొత్తం 8,800 కేబీ. 9 ఎంబీ లోపే. ఇదే కట్టను అంతకు ముందు వేరే చోట అంతా 300 కలర్‌లో తీసిస్తే 43 ఎంబీ వచ్చిందట. ఎక్కువ వస్తే క్వాలిటీ సంఖ్య కొంచెం దించండి, లేదా కలర్ పేజీల్లో గ్రే చాలేవి ఏమైనా ఉన్నాయా చూడండి. డీపీఐ జోలికి చివర్లోనే వెళ్లండి.

8. ఫీడర్‌లో కట్ట పెట్టడం

కాగితాల అంచులను బొటనవేలితో పేకముక్కల్లా ఒకసారి విదిలించండి, తర్వాత బల్ల మీద తట్టి అంచులు సమం చేయండి. విదిలించకపోతే రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి పోతాయి. మన వైపు నవంబరు వానల్లో బీరువాలో ఉన్న కాగితం చెమ్మ పట్టి ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు ఫ్యాను కింద అరగంట ఆరనిచ్చి పెట్టండి.

ముఖం పైకా కిందికా అనేది మిషన్‌ను బట్టి ఉంటుంది, ట్రే మీద చిన్న బొమ్మ చెక్కి ఉంటుంది, అదే చూడండి. పక్క గైడ్లు కాగితానికి తగిలీ తగలనట్టు జరపండి. వదులుగా ఉంటే పేజీ ఏటవాలుగా పోతుంది, బిగించేస్తే నలుగుతుంది. ట్రే మీద 35 అనో 50 అనో రాసి ఉన్నది మామూలు పలచటి కాగితం లెక్క. స్టాంపు పేపరు మందం కాబట్టి ఒకసారికి పదీ పదిహేను మించి పెట్టకండి.

మందం కాగితాలు, పలచటివి ఒకే కట్టలో కలపకండి. ఏ4, లీగల్ కూడా కలపకండి, చిన్న కాగితాలకు గైడు ఆనుకోదు.

వరుస గురించి టెన్షన్ పడనక్కర్లేదు. NAPS2లో ప్రొఫైలు మార్చి మళ్లీ స్కాన్ చేస్తే కొత్త పేజీలు పాతవాటి వెనకే చేరుతాయి. కాబట్టి పాత దస్తావేజు మూడో ప్రొఫైలుతో, తర్వాత సేల్ డీడ్ రెండోదానితో, చివర్లో ఈసీ, రసీదులు మొదటిదానితో. కుప్పల వరుసే ఫైలు వరుస అవుతుంది. ఏదైనా పేజీ చోటు తప్పితే మౌస్‌తో పట్టి జరపొచ్చు.

9. మీ ఫీడర్ ఒక వైపే తీస్తుందా?

అయితే రెండో ప్రొఫైల్లో `Duplex` బదులు `Feeder` పెట్టి, సేల్ డీడ్‌ను విడిగా, ఖాళీ విండోలో చేయండి. ముందు వైపులు 12 తీయండి. బయటికి వచ్చిన కట్టను వరుస మార్చకుండా మొత్తంగా తిరగేసి మళ్లీ పెట్టండి. ఇప్పుడు వెనక వైపులు చివరి షీటు నుంచి మొదటి దాకా వస్తాయి. `Reorder` మెనూలో `Alternate Interleave` నొక్కితే ముందు, వెనక, ముందు, వెనక అని సరిగ్గా సర్దుకుంటాయి. పక్కనే ఉన్న `Interleave` కాదు, అది వెనక వైపులు కూడా మొదటి నుంచే తీసినప్పుడు వాడేది. రెండు సార్లు తీసినప్పుడూ పేజీల సంఖ్య ఒకటే ఉండాలి. ముందు 12, వెనక 11 వచ్చిందంటే రెండు షీట్లు కలిసి పోయినట్టే, అక్కడే ఆగి వెనక వైపులు మళ్లీ తీయండి. చూసుకోకుండా సర్దితే అక్కడి నుంచి ప్రతి పేజీకీ వేరే షీటు వెనక భాగం జత పడుతుంది.

సర్దాక ఆ భాగాన్ని సేవ్ చేసుకుని, మిగతావి స్కాన్ చేసేటప్పుడు `Import` తో తెచ్చి వాటి మధ్య పెట్టండి.

10. సేవ్ చేసి, సరి చూసుకోండి

`Save PDF` నొక్కి ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పేరు పెట్టండి, కొన్ని వెబ్‌సైట్లు తెలుగు పేరున్న ఫైలును తీసుకోవు. తర్వాత ఈ తనిఖీలు ఒక్కటి కూడా వదలకండి.

*పేజీల సంఖ్య.* మొదట లెక్కపెట్టిన వైపులతో సమానం కావాలి. 48కి 46 వస్తే డ్యూప్లెక్స్‌లో ఒక షీటు తప్పిపోయింది, రెండు కలిసి లోపలికి పోయాయి. ఏది తప్పిపోయిందో తెలుసుకోవడానికి రిజిస్టర్డ్ దస్తావేజు మీద రాసి ఉండే షీటు నంబర్లు చూడండి, పొద్దున్నుంచీ పేజీ పేజీ పోల్చక్కర్లేదు. 47 లాంటి బేసి సంఖ్య వస్తే షీటు కాదు, అద్దం మీద పెట్టిన పాత వాటిలోనో ఒక వైపు కాగితాల్లోనో ఒక పేజీ వదిలేశారు.

*అడుగు వరుస.* ప్రతి పేజీ కింది అంచు చూడండి. చివరి వరుస కింద కొంచెం ఖాళీ తెలుపు కనిపించాలి. అక్షరాలు అంచుకు తగిలి ఆగిపోయాయంటే పేపర్ సైజు తప్పు.

*చిన్న అక్షరం.* ఒక్కో కుప్ప నుంచి ఒక పేజీ తెరిచి 100 శాతానికి పెంచి, పేజీలో అన్నిటికన్నా చిన్నగా ఉన్న మాట చదవండి. తర్వాత సర్వే నంబరు చదివి అసలు కాగితంతో పోల్చండి. 214/3బి అని ఉన్నది స్క్రీన్ మీద కూడా అలాగే, సందేహం లేకుండా కనిపించాలి. 3, 8 దగ్గర కళ్లు చిట్లించాల్సి వస్తే ఆ పేజీ మళ్లీ తీయండి.

అంకెల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ ఆయన జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ మిషన్లలో స్కాన్ చేసిన పేజీల్లో 6లు 8లుగా మారిపోతున్నాయని పట్టుకున్నారు. అక్షరం మసకబారడం కాదు, శుభ్రంగా కనిపించే వేరే అంకె వచ్చేది. సైజు తగ్గించడానికి ఒకేలా ఉన్న ఆకారాలను ఒకటే అనుకుని ఒకదాని చోట ఇంకొకటి పెట్టే కుదింపు పద్ధతి దానికి కారణం, దాని పేరు జేబిగ్2. తర్వాత ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసింది. మీ మిషన్ ప్యానెల్లోనో సాఫ్ట్‌వేర్లోనో జేబిగ్2 అని కనిపిస్తే లాస్‌లెస్ అని ఉన్నదే ఎంచుకోండి, అలా వేరుగా లేకపోతే `CCITT G4` పెట్టండి. కొలతలు, సొమ్ము, సర్వే నంబర్లు ఉన్న పేజీల్లో సైజు కోసం ఈ రిస్కు తీసుకోకూడదు.

*వెనక సీళ్లు.* గ్రే పేజీల్లో సబ్ రిజిస్ట్రార్ సీలు లోపలి అక్షరాలు చదవగలగాలి. సీలు ఉందని తెలుస్తోంది గానీ చదవలేకపోతే బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించి ఆ ఒక్క పేజీ మళ్లీ తీసి, పాతది తీసేసి ఆ చోట పెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ పేజీ వరకు కలర్ పెట్టండి, ఒక్క పేజీకి వంద కేబీ పెరిగితే నష్టం లేదు.

*నిలువు గీత.* ఒక పేజీలో ఉంటే అది కాగితం మీద ఉన్న గీత కావొచ్చు. వరుసగా అన్ని పేజీల్లో ఒకే చోట ఉంటే పట్టీ మళ్లీ తుడిచి, ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి మళ్లీ తీయండి.

కాగితాలు చేతిలో లేవు, పెద్ద ఫైలే ఉంది అంటే

అసలు కాగితాలు బ్యాంకు లాకర్లోనో అన్నదమ్ముల దగ్గరో ఉండి, 43 ఎంబీ ఫైలు మాత్రమే మిగిలిందంటే దాన్ని కుదించడమే దారి. గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, దాని `bin` ఫోల్డర్‌ను విండోస్ `Path` లో చేర్చి, కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫైలు ఉన్న ఫోల్డర్లో నిలబడి ఇది కొట్టండి:

```
gswin64c -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook -o chinna.pdf pedda.pdf
```

ఇది కలర్, గ్రే బొమ్మలను 150 డీపీఐకి దించుతుంది. కాబట్టి పైన చెప్పిన చిన్న అక్షరం తనిఖీ ఇక్కడ తప్పనిసరి. `/ebook` బదులు `/screen` పెడితే 72కు దిగిపోతుంది, దస్తావేజులకు అది పనికిరాదు. `pedda.pdf` చెరపకండి. చదవలేని పేజీలు వస్తే పెద్ద ఫైలును రెండు ముక్కలు చేసి పంపొచ్చా అని అడిగినవాళ్లనే కనుక్కోండి, చాలాసార్లు ఒప్పుకుంటారు.

ముక్కూ మొహం తెలియని వెబ్‌సైటులో ఎక్కించి కుదించుకోవడం మాత్రం వద్దు. ఆ ఫైల్లో మీ ఆధార్ నంబరు, పాన్, వేలిముద్ర, సంతకం, ఆస్తి హద్దులు అన్నీ ఒకే చోట ఉన్నాయి.

ఫైలు పంపే ముందు

ఫీడర్ మూత తెరిచి లోపల కాగితం ఏమైనా ఆగిపోయిందా చూడండి, అద్దం మూత కూడా ఎత్తి చూడండి. మా దగ్గర అద్దం మీద మరిచిపోయే కాగితాల్లో ఆధార్ కార్డుల తర్వాత పాత దస్తావేజు చివరి షీటే ఎక్కువ. 31 షీట్లూ లెక్కపెట్టుకుని, ఏ పిన్ను రంధ్రంలో ఏ ట్యాగు ఉండేదో అలాగే కట్టండి. షాపు కంప్యూటర్‌లో చేయించి ఉంటే ఫైలు మీ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాక అక్కడున్నది మీ ముందే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి.